షుగర్ ఉన్న పెద్దవారికి మిఠాయి డబ్బాకు బదులు పండుగ కానుకను ఎలా సిద్ధం చేయాలి?

దీపావళికి విజయవాడలో ఉన్న మేనమామగారి ఇంటికి బందరు లడ్డు డబ్బాతో వెళ్లడం మనకు అలవాటే. ఆయనకు డెబ్బై దాటి, షుగరూ బీపీ ఉండి, కట్టుడు పళ్లు పెట్టుకున్నారనుకుందాం. ఆ డబ్బాకు బదులు ఏమి కట్టాలో చూద్దాం.

ముందుగా అత్తయ్యగారికి ఫోన్ చేసి, ఆయన ఏమి నమలగలరు, ఉప్పు తగ్గించమన్నారా, కిడ్నీల సమస్య ఏమైనా ఉందా, ఇంట్లో వాడే గ్లూకోమీటరు ఏ మోడల్ అన్నది అడిగి తెలుసుకోవాలి. కిడ్నీల సమస్య ఉన్నవారికి గింజలు, పప్పులు ఎంతవరకు తినవచ్చో వారి డాక్టరే చెప్పాలి కనుక, అలాంటప్పుడు తినే వస్తువుల జోలికి పోకపోవడమే మేలు.

తరువాత దుకాణంలో కనిపించే రెండు ఆకర్షణలను పక్కన పెట్టాలి. ‘షుగర్ ఫ్రీ’ అని రాసిన మిఠాయిలో పంచదార లేకపోయినా కోవా, పిండి, నెయ్యి ఉండనే ఉంటాయి. తీపి కోసం మాల్టిటాల్ వాడితే అదీ రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. ఇక బెల్లంతో చేసిన రాగి లడ్డూలు, ఖర్జూరం ఉండలు పేరుకు ఆరోగ్యకరమైనవే గానీ, చక్కెరను పెంచడంలో మిఠాయికి పెద్దగా తీసిపోవు.

వాటి స్థానంలో ఉప్పు వేయని బాదంపప్పు పావుకిలో తీసుకుని, ఇరవై అయిదేసి గ్రాముల చొప్పున పది చిన్న పొట్లాలు కట్టాలి. ఒకే డబ్బాలో పోసి ఇస్తే కబుర్లలో ఎంత తిన్నారో తెలియదు. పొట్లమైతే రోజుకు ఒకటితో ఆగుతుంది. కట్టుడు పళ్లున్న మన మేనమామగారికి మాత్రం ఆ పప్పును పొడి చేసి, పంచదార వేయని పాలలో కలుపుకొనేలా ఇవ్వాలి.

దానితోపాటు ఇంట్లో చేసిన అవిసె గింజల కారం ఒక చిన్న సీసా పెట్టవచ్చు. నూరు గ్రాముల గింజలను సన్నని మంటపై చిటపటలాడేదాకా వేయించి చల్లార్చి, నాలుగైదు వేయించిన ఎండుమిర్చి, చెంచా జీలకర్ర, కొద్దిగా చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా ఉప్పు వేసి పొడి కొట్టాలి. (గుంటూరు మిర్చి అయితే రెండు తగ్గించినా ఫరవాలేదు.) అవిసె పొడి, బాదం పొడి త్వరగా ముక్కిపోతాయి, వాసన మారినా, చేదు తగిలినా పారవేయాలి. అందుకే కొంచెమే చేసి, తయారుచేసిన తేదీ సీసాలపై రాసి, ఫ్రిజ్‌లో ఉంచమని చెప్పాలి.

తినేవి ఇంతటితో చాలు. మిగిలిన సొమ్ముతో మంగళగిరి నేత పంచె కొనవచ్చు. అంతకంటే ఉపయోగపడేది గ్లూకోమీటరు స్ట్రిప్పుల పెట్టె. ఒక మీటరు స్ట్రిప్పులు మరొకదానికి పనిచేయవు కాబట్టి మోడల్ పేరు సరిచూసి, పెట్టెపై గడువు తేదీ ఇంకా దూరంగా ఉన్నదే తీసుకోవాలి.

ఆయన ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడుతుంటే, మిఠాయిలతోపాటు ఇంట్లోని గ్లూకోజ్ పొడిని కూడా దాచేయవద్దని, అది అత్యవసరానికి చేతికందేచోటే ఉండాలని అత్తయ్యగారికి చెప్పి రావాలి.