తాగి పడిపోయిన రూమ్మేటును వెల్లకిలా పడుకోబెట్టకండి

మొన్న శనివారం రాత్రి, ఈ సెమిస్టరుకే అమెరికా వచ్చిన కింది అంతస్తు కుర్రాళ్లు పిలిస్తే వెళ్లి చూశాను. స్పృహ లేనంతగా తాగిన ఒకరిని పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, "గురక పెడుతున్నాడన్నా, బాగానే నిద్రపోతున్నాడు" అన్నారు. నేను వచ్చిన మొదటి చలికాలంలో మేమూ అచ్చం అలాగే అనుకున్నాం. గొంతులో గురగురమని నీళ్లు కదిలినట్టు చప్పుడు వస్తుంటే దాన్ని గురక అనుకొని లైటు తీసేశాం. అది నిద్ర కాదు, వాంతి అడ్డుపడి ఊపిరి సరిగా ఆడని చప్పుడని ఆ రాత్రే తెలిసింది. మత్తు ఎక్కువైన మనిషికి పొలమారినా దగ్గు రాకపోవచ్చు.

అందుకే అలా పడిపోయిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ముందు అతని ఎడమ పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. అతని ఎడమ చేతిని భుజానికి సమానంగా బయటికి చాపి, కుడి చేతిని ఛాతీ మీదుగా తెచ్చి అరచేతి వెనుక భాగం ఎడమ చెంపకు ఆనేలా పట్టుకోండి. రెండో చేత్తో కుడి మోకాలిని పైకి మడిచి, ఆ మోకాలినే పట్టుకొని మీ వైపుకు లాగితే మనిషి మొత్తం పక్కకు తిరుగుతాడు. తలను కొద్దిగా వెనక్కి వంచి, నోరు నేల వైపు ఉండేలా చూడండి. మడిచిన మోకాలు ముందుకు ఆని ఉంటే బోర్లా పడడు, వీపు వెనుక ఒక దిండు పెడితే వెల్లకిలా దొర్లడు.

తరువాత నిద్రపోకండి, దయచేసి! కడుపులో మిగిలిన మందు ఇంకా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది కనుక, పడుకున్న గంటకు పరిస్థితి మరింత దిగజారవచ్చు. పొట్ట మీద చేయి వేసి, ఫోను గడియారం చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. మామూలుగా పన్నెండు నుంచి ఇరవై ఉంటుంది. ఎనిమిది కంటే తగ్గినా, రెండు ఊపిరుల మధ్య పది సెకన్లకు మించి విరామం వచ్చినా, గట్టిగా గిల్లినా కదలకపోయినా, పెదవులూ గోళ్లూ నీలంగా కనిపించినా, ఇంకొకరిని అడగకుండా 911 కు ఫోన్ చేయండి. అంబులెన్సు బిల్లు గురించి, వీసా గురించి అప్పుడే చర్చ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వైద్యసాయం కోసం ఫోన్ చేసినంత మాత్రాన వీసా పోదు. కాఫీ, చన్నీళ్ల స్నానం, గొంతులో వేలు పెట్టి కక్కించడం వంటివేవీ వద్దు. కప్పడానికి దుప్పటి చాలు.

సరే, ఇంత భయపెట్టాను గనుక ఇదీ చెబుతాను. ఊపిరి నిలకడగా ఉండి, పిలిస్తే విసుక్కుంటూనైనా పలుకుతుంటే, చాలామంది తెల్లవారేసరికి తేరుకుంటారు. మా వాడు ఉదయం లేచి తలపట్టుకొని, మజ్జిగ ఉందా అని అడిగాడు.