వంటింట్లో ఇద్దరు మాట్లాడుకునే సీన్: ఏ లెన్స్, ఎంత ఎత్తు, కెమెరా ఎప్పుడు కదలాలి?

షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు ఎక్కువగా అడిగేది "బ్రో ఏ లెన్స్ వాడాలి" అని. వంటింట్లో అది రెండో ప్రశ్న. మొదటిది, కెమెరా మనిషికి ఎంత దూరంలో ఉండాలి? మనం ఆ మనిషి పక్కనే పీట వేసుకుని కూర్చున్నట్టు ఉందా, గుమ్మం దగ్గర నిలబడి వింటున్నట్టు ఉందా అనేది దూరం చేసే పని, ఆ దూరం నుంచి ఎంత మేర ఫ్రేమ్‌లోకి రావాలో కోసి ఇవ్వడమే లెన్స్ చేసేది.

ఒక సీన్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం, అప్పుడే అర్థమవుతుంది. అమ్మ కింద కూర్చుని కత్తిపీట మీద బెండకాయలు తరుగుతోంది, కొడుకు ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ఏవేవో ఊరి కబుర్లు అయ్యాక "అమ్మా, పొలం అమ్మేద్దామనుకుంటున్నా" అంటాడు. అమ్మ ఏం మాట్లాడదు, ఇంకో రెండు కాయలు తరుగుతుంది, తర్వాత చెయ్యి ఆపి "అడ్వాన్స్ ఎంత తీసుకున్నావు?" అని అడుగుతుంది. అంతే, వాడి దగ్గర మాట ఉండదు, మెల్లగా వచ్చి ఎదురుగా కింద కూర్చుంటాడు. కిచెన్ ఎనిమిది బై పది అడుగులు, అపార్ట్‌మెంట్‌లో మామూలుగా ఉండేదే. కెమెరా ఏపీఎస్-సీ, అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్, దానితోపాటు వచ్చే 18-55 కిట్ లెన్స్. ఇంకేం కొనక్కర్లేదు.

ముందు సీన్ ఎక్కడ తిరుగుతుందో పట్టుకోండి

స్క్రిప్ట్ పేపర్ మీద ఒక్క గీత గీయండి, ఆ గీతకి ముందు ఒక సీన్, తర్వాత ఇంకో సీన్ అన్నట్టు. చాలామంది "పొలం అమ్మేద్దాం" దగ్గర గీస్తారు, నేనూ అక్కడే గీసేవాణ్ణి. కానీ అది వాడు ఇంట్లోంచి ప్రిపేర్ అయ్యి వచ్చిన డైలాగ్, అప్పటికి వాడే పైచేయి. నిజంగా తలకిందులయ్యేది అమ్మ అడ్వాన్స్ గురించి అడిగినప్పుడు, అంటే ఆమెకి ముందే తెలుసన్నమాట. గీత అక్కడ. లెన్స్ మారినా, ఎత్తు మారినా, కెమెరా కదిలినా ఆ గీత దాటాకే, అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోవాలి, అదే కష్టం.

టేపు తీసుకుని దూరాలు కొలవండి

ఒక చిన్న లెక్క గుర్తుంటే చాలు. ఏపీఎస్-సీ మీద 24 ఎంఎం పెడితే ఎంత దూరంలో ఉన్నామో దాదాపు అంతే వెడల్పు ఫ్రేమ్‌లో పడుతుంది, నాలుగడుగుల దూరంలో నాలుగడుగుల వెడల్పు. 50 పెడితే అందులో సగం కన్నా కాస్త తక్కువ. 18 పెడితే దూరానికి ఒకటింబావు రెట్ల పైన. 16:9 ఫ్రేమ్ కాబట్టి ఎత్తు కావాలంటే వెడల్పులో సగం కన్నా కొంచెం ఎక్కువ వేసుకోండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 24 బదులు 35, 50 బదులు 75 అనుకోండి. ఒక జాగ్రత్త, కొన్ని కెమెరాలు 4కే పెట్టగానే సెన్సర్‌ని క్రాప్ చేస్తాయి, అప్పుడు ఈ లెక్క తప్పుతుంది, ముందే చూసుకోండి.

ఇప్పుడు అసలు తేడా. అమ్మ మొహం క్లోజప్ రెండు రకాలుగా తీయొచ్చు, 24 పెట్టి రెండున్నర అడుగుల నుంచి, లేదా 50 పెట్టి ఐదడుగుల నుంచి. రెండిట్లో మొహం సైజు దాదాపు ఒకటే. కానీ దగ్గర నుంచి తీసినదాంట్లో ముక్కు, నుదురు కాస్త ముందుకొస్తాయి, ఆమె వెనక ఐదడుగుల్లో ఉన్న గోడ ఏడడుగుల పైన కనిపిస్తుంది, అంటే స్టవ్వు, డబ్బాలు, గిన్నెల స్టాండు అన్నీ. దూరం నుంచి తీసినదాంట్లో అదే గోడ ఐదడుగులు కూడా కనపడదు, మనిషి వెనక ఉన్నదాన్ని తెచ్చి వీపుకి అతికించినట్టు ఉంటుంది. నమ్మకపోతే స్టూల్ మీద స్టీల్ బిందె పెట్టి రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, పది నిమిషాల పని.

ఈ సీన్లో నేను అమ్మకి 24, కొడుక్కి 50 ఇస్తాను. ఆ వంటిల్లు ఆమెది, ఆమె చుట్టూ ఆ సామానంతా కనిపించాలి, మనం ఆమె పక్కన ఉన్నట్టుండాలి. వాడు ఏదో దాస్తున్నాడు, కాబట్టి వాణ్ణి గుమ్మం దగ్గర నుంచి ఆరడుగుల దూరంలో చూస్తాం, ఫ్రిజ్ తలుపుకి అతుక్కుపోయి ఉంటాడు, చుట్టూ ఇల్లు కనపడదు. గీత దాటాక వాడికీ 24 పెట్టి దగ్గరికి వెళ్తాం, ఇంక దాక్కునే చోటు ఉండదు.

"ఎఫ్ 1.8 ప్రైమ్ ఉంది వాడొచ్చా" అంటారు, జూమ్ లేకుండా వెనకంతా మసక చేసే లెన్స్ అది. వాడొచ్చు కానీ 35 ఎంఎం ఎఫ్ 1.8 మీద మూడడుగుల్లో ఫోకస్ ఉండే మందం రెండంగుళాలు, కత్తిపీట మీద తరిగేటప్పుడు తల ప్రతి కాయకీ అంతకన్నా ఎక్కువే ఊగుతుంది. కిట్ లెన్స్ 24 దగ్గర ఎఫ్ 4 పెడితే రెండున్నర అడుగుల్లో కూడా ఆరంగుళాల దాకా వస్తుంది, ఆర్టిస్ట్‌ని హాయిగా తరగనివ్వొచ్చు.

ఎత్తు

కింద కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి సుమారు రెండున్నర అడుగుల్లో ఉంటాయి, నిలబడ్డవాడివి ఐదడుగుల పైన. ఇంత తేడా ఉన్నప్పుడు ట్రైపాడ్ మామూలు ఎత్తులో పెట్టేసి కిందకి వంచితే అమ్మని పైనుంచి చూసినట్టు అవుతుంది, జాలిపడినట్టు. ఈ అమ్మ జాలిపడాల్సిన మనిషి కాదు. ఇంకో గొడవ కూడా ఉంది, వైడ్ లెన్స్‌ని వంచితే ఫ్రిజ్ అంచులు, తలుపు చెక్కలు నిటారుగా ఉండకుండా ఒరిగిపోతాయి. అందుకే వైడ్‌లో కెమెరాని వంచకండి, మొత్తంగా కిందకి దించండి. ట్రైపాడ్ దిగకపోతే బియ్యం డబ్బా మీద పెట్టుకోండి, నేను పెట్టాను.

అమ్మ షాట్ ఆమె కళ్ల ఎత్తులో, రెండున్నర అడుగులు. కొడుకు షాట్‌ని కూడా అదే ఎత్తు నుంచి తీద్దామనిపిస్తుంది, అమ్మ చూపు కదా అని. ట్రై చేయండి, గడ్డం, ముక్కు రంధ్రాలు, పైన ట్యూబ్‌లైట్ వస్తాయి, విలన్ అయిపోతాడు. నాలుగడుగుల దగ్గర పెడితే కాస్త పైకి చూసినట్టు ఉంటుంది, అంతే చాలు.

మొదటి షాట్, అంటే ఇద్దరూ కలిసి కనిపించేది, హాల్లోంచి గుమ్మం గుండా తీస్తాం, అమ్మకి తొమ్మిదడుగుల దూరంలో. ఇక్కడ 24 సరిపోదు, ఫ్రేమ్ ఎత్తు ఐదడుగులే వస్తుంది, వాడి తల తెగుతుంది, లేదా అమ్మ ముందున్న పళ్లెం పోతుంది. 18 పెట్టి కెమెరాని మూడడుగుల ఎత్తులో, వంపు లేకుండా పెడితే నేల నుంచి వాడి తల పైదాకా వస్తుంది, రెండు పక్కలా తలుపు గోడ చీకటిగా ఉంటుంది. అమ్మ ఎడమ, కొడుకు కుడి. ఇక మిగతా షాట్లన్నీ గుమ్మం వైపు నుంచే తీయండి, స్టవ్ వైపుకి వెళ్లి తీశారా ఇద్దరూ ఒకే దిక్కుకి చూస్తున్నట్టు అయిపోతుంది. షాట్ ఓకే అనేముందు గిన్నెల స్టాండు వైపు ఒకసారి చూడండి, స్టీలు గ్లాసుల్లో మీరు, మీ లైటు, మీ అసిస్టెంటు అందరూ ఉంటారు.

కదలిక ఒక్కటే, అదీ చివర్లో

నా మొదటి సినిమాలో కెమెరాని పట్టా మీద జరిపే స్లైడర్ కొత్తగా కొన్న ఉత్సాహంలో ప్రతి డైలాగ్‌కీ మెల్లగా ముందుకి వెళ్లాను, ఎడిటింగ్‌లో కూర్చుంటే అతికే షాట్లు లేవు, కదిలే షాట్ మధ్యలో కట్ చేసి ఆగి ఉన్న షాట్‌కి వెళ్తే ప్రతిసారీ బ్రేక్ వేసినట్టు కుదుపు. ఇప్పుడు కదిలే షాట్ ఏదైనా ముందు ఐదు సెకన్లు, చివర ఐదు సెకన్లు కదలకుండా పట్టుకుంటా.

ఈ సీన్లో ఎత్తు మారేది కెమెరా కాదు, కొడుకు. కెమెరాని ముందే రెండున్నర అడుగుల ఎత్తులో పెట్టి వదిలేయండి, వాడు కూర్చుంటూ ఫ్రేమ్‌లోకి దిగుతాడు. వాడితో పాటు కెమెరా కూడా దిగితే వాణ్ణి ఎవరో మోసుకొచ్చినట్టుంటుంది, వాడంతట వాడే దిగాలి.

కూర్చున్నాక ఒక పుష్, అంటే కెమెరాని మెల్లగా వాడి వైపు జరపడం. 24 మీద నాలుగడుగుల నుంచి మూడడుగులకి, పన్నెండు సెకన్లలో. ఈ ఒక్క అడుగులో మొహం మూడో వంతు పెద్దదవుతుంది, వెనక ఫ్రిజ్ మాత్రం అంతగా పెరగదు, అందుకే మనమే వాడి మీదకి వెళ్తున్నట్టు అనిపిస్తుంది. 50 పెట్టి ఎనిమిది నుంచి ఏడడుగులకి అదే అడుగు కదిలితే మొహం పెరిగేది ఏడో వంతు, ఎవరికీ తెలియదు కూడా. జూమ్ తిప్పితే మొహం, ఫ్రిజ్ రెండూ ఒకే లెక్కన పెరుగుతాయి, ఫొటో పెద్దది చేసినట్టు.

పుష్ ఎప్పుడు మొదలవ్వాలి? డైలాగ్ మీద కాదు, చప్పుడు మీద. అమ్మ మళ్లీ తరగడం మొదలుపెడుతుంది, ఆ మొదటి "టక్" వినగానే కదలండి. స్లైడర్ లేకపోతే టైల్స్ మీద చెక్క పలక, దాని కింద మడతపెట్టిన తువ్వాలు, పలక మీద డబ్బా, డబ్బా మీద కెమెరా, పక్కన ఒకరు మెల్లగా లాగడం. చక్రాలున్నవి వద్దు, టైల్ సందు వచ్చినప్పుడల్లా ఎగురుతాయి. వెనక ఉన్న నిలువు అంచుని చూస్తూ ప్లేబ్యాక్ వేసుకోండి, ఆ గీత వణికితే టేక్ పోయినట్టే.

తర్వాత కెమెరా తీసుకెళ్లి మళ్లీ హాల్లో మొదటి చోటే పెట్టండి, అదే 18, అదే మూడడుగులు, నేల మీద టేప్ మార్క్ ముందే వేసి ఉంచుకోవాలి. ఇప్పుడు ఇద్దరూ కిందే ఉన్నారు, ఫ్రేమ్ పై సగం ఖాళీ, ఫ్రిజ్ తలుపు మాత్రం ఉంది. సర్దాలనిపిస్తుంది, కిందకి వంచుదామనిపిస్తుంది. ముట్టుకోకండి, ఆ పళ్లెంలో మిగిలిన బెండకాయలు తరగడం అయ్యేదాకా రికార్డింగ్ ఆపకండి.