స్ట్రెయిట్నర్ పెడితే చుయ్‌మంటోందా? ముందు మెడ దగ్గర జుట్టు చూడండి

సమస్య: ఒత్తు జుట్టు. పైన నున్నగా వస్తుంది, లోపలి పాయ దగ్గర మాత్రం చుయ్‌మని ఆవిరి. గంటకే జుట్టు మళ్లీ ఉబ్బుతుంది. అందరూ చేసే పని ఒకటే, వేడి 230కి పెంచడం. దయచేసి అది ముట్టుకోకండి.

కారణం: తడి. తల ఆరిందనే అనుకుంటారు, పైన ఆరుతుంది కూడా. ఒత్తు జుట్టులో మెడ దగ్గరి పొర మాత్రం మిగిలిపోతుంది. చెన్నై ఉక్కలో అయితే ఫ్యాన్ కింద రెండు గంటలు కూర్చున్నా అంతే. ఆ తడి మీద వేడి పలక పడితే వెంట్రుక లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై బుడగలు కడుతుంది, వెంట్రుక అక్కడే తెగుతుంది. హీట్ ప్రొటెక్టెంట్ స్ప్రే కొట్టి వెంటనే ఐరన్ పెట్టినా ఇదే గతి.

దీనికి నేనూ బలైనదాన్నే. పోయినేడు వేళచ్చేరిలో మా ఆడపడుచు నిశ్చితార్థం. ఏడింటికి తలస్నానం, తొమ్మిదింటికి ఐరన్. డ్రయర్ కొట్టాక పట్టి చూస్తే వెచ్చగా, పొడిగానే ఉంది. మొదటి పాయకే చుయ్‌మంది. "వదినా, కాలిపోతోందా?" అని హడలిపోయింది. వెచ్చటి జుట్టు మోసం చేస్తుందని ఆ రోజే తెలిసింది.

పరిష్కారం: డ్రయర్ ఆపి ఐదు నిమిషాలు చల్లారనివ్వండి. మెడ దగ్గర పాయ ఎత్తి చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే, మళ్లీ ఆరబెట్టండి. మామూలుగా తగిలితే ఐరన్ 180 దగ్గర మొదలుపెట్టండి. బాగా మొండి జుట్టుకు 200 దాటొద్దు. రంగు వేసిన జుట్టుకు 150, 160 చాలు.

జుట్టును నాలుగు భాగాలుగా క్లిప్పులు పెట్టి, కింది నుంచి మొదలుపెట్టండి. పాయ పలక కంటే వెడల్పు ఉండకూడదు. వేళ్ల మధ్య పట్టుకుంటే వెనక వేలు లీలగా కనబడేంత పలచగా తీసుకోండి. ముందు దువ్వెన, వెనకే ఐరన్, ఎక్కడా ఆపకుండా నెమ్మదిగా ఒక్కసారి. రెండోసారి తప్పదంటే పాయ మందంగా తీసుకున్నారన్నమాట.

వారానికి ఒకసారి, తలస్నానం చేసిన రోజే. పెళ్లిళ్ల వారమైతే రెండుసార్లు, అంతకు మించి వద్దు. మర్నాడు ముందు పాయలు మాత్రం సరిచేసుకోండి. చివర్లలో తెల్లచుక్కలు కనిపిస్తే కొన్ని వారాలు ఐరన్ పక్కన పెట్టి, ఆ చివర్లు కత్తిరించేయండి.

మిగతావి అరుదు. పలక మీద స్ప్రే పేరుకుంటే ప్లగ్ తీసి, చల్లారాక తడిబట్టతో తుడవండి. అమెరికా నుంచి అన్నయ్య తెచ్చినదైతే పిడి దగ్గర 100-240V అని ఉందో లేదో చూసే ప్లగ్‌లో పెట్టండి. ఇవేవీ కాకపోతే ఐరనే పాడైనట్టు, మార్చేయండి.