మీటింగుల నిర్వహణ, 4వ పాఠం: ఎవరూ నొచ్చుకోకుండా రద్దు చేయడం

పోయిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. మెయిల్‌తో తీరిపోయే మీటింగ్ ఒకటి మీ క్యాలెండర్‌లో వెతికి, దాన్ని రద్దు చేయమన్నాను. వెతకడం అందరికీ బాగానే వచ్చింది, రద్దు చేయడమే బెడిసికొట్టింది. ఒకరికి "మరి నేను తయారుచేసిన స్లైడ్లు ఏం చేయమంటారు?" అని జవాబు వచ్చిందట. ఇంకొకరి బృందంలో ఎవరూ నోరు మెదపలేదు కానీ, ఆ తర్వాతి మీటింగుకు సగంమందే హాజరయ్యారు. కాబట్టి ఈ వారం మొదలుపెడదామనుకున్న ఎజెండా పాఠాన్ని పక్కన పెట్టి, ఈ చిక్కు విప్పుకుందాం.

మీలో చాలామంది పంపిన రద్దు సందేశం దాదాపు ఒకే అచ్చులో ఉంది:

"అనివార్య కారణాల వల్ల రేపటి మీటింగ్ రద్దు చేయడమైనది. వివరాలు మెయిల్ ద్వారా పంపబడతాయి. గమనించగలరు."

నాకు ఒళ్లు మండే వాక్యాలు ఇవే. మర్యాదగా ఉన్నాయనుకుని రాస్తారు, చదివేవారికి మాత్రం నోటీసు బోర్డు గుర్తొస్తుంది. అసలు ఇక్కడ అనివార్య కారణం ఏముంది? విషయం మెయిల్‌లో సరిపోతుందని మీకు తోచింది, అంతే. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి కారణాన్ని దాచారు. దాచినచోట ఊహలు మొలుస్తాయి: పనే ఆగిపోయిందా, పైవాళ్లు వద్దన్నారా, మనల్ని పక్కన పెట్టి ఇంకెవరితోనైనా మాట్లాడుకున్నారా? పైగా "చేయడమైనది" అంటే ఎవరు చేశారో తెలియదు, అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు. "రద్దు చేస్తున్నాను" అని మీ నోటితోనే చెప్పండి.

దీనికంటే పెద్ద తప్పు రెండో వాక్యంలో ఉంది. "వివరాలు పంపబడతాయి" అన్నప్పుడు మీటింగ్ పోయింది, దాని బదులు రావలసినది ఇంకా రాలేదు. ఆ మెయిల్ రేపు వస్తుందో వచ్చే వారం వస్తుందో తెలియదు. పిలుపు అందుకున్నవారు తమను చులకన చేశారని అనుకునేది ఈ ఖాళీలోనే. అందుకని వరుస తిరగేయండి: ముందు మెయిల్ పూర్తిగా రాయండి, పంపండి, ఆ తర్వాతే క్యాలెండర్‌లో రద్దు నొక్కండి. దీనివల్ల మరో లాభం కూడా ఉంది. రాయడం మొదలుపెట్టాక అది ఒక తెర దాటి పోతుంటే, లేదా "దీనిపై మీ అభిప్రాయం?" అని మూడుచోట్ల రాయవలసి వస్తుంటే, ఆ మీటింగ్ రద్దు చేయదగినది కాదు. మెయిల్ రాయకుండా రద్దు నిర్ణయం తీసుకోవడం నా పద్ధతిలో లేదు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. బుధవారం 11 గంటలకు 45 నిమిషాల మీటింగ్, 8 మందికి పిలుపు వెళ్లింది. విషయం: ప్రయాణ ఖర్చుల బిల్లులు వచ్చే నెల 1 నుంచి కాగితం మీద కాకుండా ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. ఆ 8 మందిలో అకౌంట్స్ ఉద్యోగి ఒకరు స్లైడ్లు తయారుచేస్తున్నారు. తరచూ ప్రయాణాల్లో ఉండే ఒకరు, నెట్‌వర్క్ లేనిచోట బిల్లు ఎలా ఎక్కించాలని ముందే అడిగారు. మిగతా ఆరుగురూ వినడానికి వస్తున్నవారే.

ఆ ఆరుగురికి మెయిల్ చాలు. మొదటి ఇద్దరికి చాలదు, ఎందుకంటే వాళ్లు ఆ మీటింగులో ఇప్పటికే ఏదో పెట్టుబడి పెట్టారు. కాబట్టి సోమవారమే అకౌంట్స్ ఉద్యోగికి ఫోన్ చేయాలి: "మీ స్లైడ్లు చూశానండీ. ఏ బిల్లుకు ఏ రుజువు జతచేయాలో మీరిచ్చిన పట్టిక ఒక్కటి చూస్తే అందరికీ అర్థమైపోతుంది. మీటింగ్ బదులు దాన్ని మీ పేరుతోనే మెయిల్‌లో పెడదామనుకుంటున్నాను, మీకు సరేనా?" సరే అనకపోవడానికి ఆయనకు కారణం ఉండవచ్చు, అది వినండి. రెండో వ్యక్తితో మాట్లాడి, ఆయన ప్రశ్నకు జవాబు తెలుసుకుని మెయిల్‌లో చేర్చండి. ఈ రెండు ఫోన్లకు పట్టేది పది నిమిషాలు. ఇవి ఎగ్గొట్టి మెయిల్ ఎంత తీయగా రాసినా లాభం లేదు.

ఇక మంగళవారం ఉదయం వెళ్లే మెయిల్:

"విషయం: ప్రయాణ బిల్లుల కొత్త పద్ధతి (బుధవారం 11 గంటల మీటింగ్ ఉండదు)

అందరికీ నమస్కారం.
బిల్లుల కొత్త పద్ధతి వివరించడానికి మిమ్మల్ని బుధవారం రమ్మన్నాను. రాసి చూస్తే చెప్పవలసినదంతా ఇక్కడే సరిపోయింది, కలిసి తేల్చుకోవలసినది మిగలలేదు. అందుకే మీటింగ్ రద్దు చేస్తున్నాను.

వచ్చే నెల 1 నుంచి బిల్లులు ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలి. ఏ బిల్లుకు ఏ రుజువు కావాలో అకౌంట్స్ విభాగం తయారుచేసిన పట్టిక కింద ఉంది. నెట్‌వర్క్ లేనిచోట ఎలా అని మన బృందంలో ఒకరు అడిగారు: బిల్లు ఫొటో తీసి ఉంచుకుని, తిరిగి వచ్చిన 7 రోజుల్లోపు ఎక్కిస్తే చాలు.

మీ పనికి ఇది కుదరదనిపిస్తే గురువారం సాయంత్రంలోగా నాకు రాయండి, లేదా ఫోన్ చేయండి. ఇద్దరు ముగ్గురికి ఒకే ఇబ్బంది ఉంటే మళ్లీ కూర్చుందాం."

మీటింగ్ ఉండదన్న మాటను విషయం వరుసలోనే పెట్టడం గమనించండి. మెయిల్ తెరవనివారు 11 గంటలకు ఖాళీ గదిలో కూర్చోకూడదు కదా. చివర్లో పేరు, పట్టికలో తయారుచేసినవారి పేరు ఎలాగూ ఉంటాయి. "మీ విలువైన సమయం ఆదా చేయాలని" అన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. వాళ్ల సమయం మీరు దానం చేస్తున్నట్టు వినిపిస్తుంది. "పెద్ద విషయమేమీ కాదు కనుక" అన్నది ఇంకా ప్రమాదం. స్లైడ్లు చేసినవారికి అది పెద్ద విషయమే.

క్యాలెండర్ పని రెండు నిమిషాలు. రద్దు నోటులో "వివరాలు ఈ ఉదయం పంపిన మెయిల్‌లో ఉన్నాయి" అన్న ఒక్క వాక్యం చాలు. అసలు విషయాన్ని ఆ నోటులో పెట్టవద్దు, చాలామంది దాన్ని చదవకుండానే తొలగిస్తారు. ప్రతివారం జరిగే మీటింగ్ అయితే ఒక్క వారానిదే రద్దు చేస్తున్నారో లేదో చూసుకోండి. గూగుల్ క్యాలెండర్‌లో This event ఎంచుకోవాలి. పొరపాటున All events ఎంచుకుంటే మొత్తం వరుసే ఎగిరిపోతుంది, మీరు బృందాన్నే రద్దు చేశారని అనుకుంటారు.

ఎవరి బాధ్యతలైనా మారబోతుంటే, లేదా ఇద్దరి మధ్య నలుగుతున్న విషయమైతే ఈ పాఠం వర్తించదు. అవి ముఖాముఖి మాట్లాడవలసినవే. ఇంకొకరు అడిగితే మీరు పెట్టిన మీటింగ్ అయితే, ముందు వారిని అడగండి.

అభ్యాసం కొంచెం కష్టమైనదే. రాబోయే పది రోజుల్లో మీరు పిలిచిన మీటింగులన్నీ తీసుకోండి. ప్రతి పేరు ఎదురుగా, ఈ మీటింగ్ పోతే ఆ వ్యక్తి ఏం కోల్పోతారో ఒక వాక్యం రాయండి. "ఏమీ లేదు" అని మూడుసార్ల కంటే ఎక్కువ రాయకూడదు. తోచకపోతే వెళ్లి వారినే అడగండి. ఆ తర్వాత అందులో ఒకదానికి మెయిల్ పూర్తిగా రాయండి, కానీ పంపవద్దు, ఒక రాత్రి ఆగండి. ఎజెండా పాఠం మొదలుపెట్టేది మీ జాబితాలు చూశాకే.