కరెంటు పోయిన వాషింగ్ మెషీన్ – 4వ పాఠం: నీళ్లు దిగాయి, తలుపు రావట్లేదు

తలుపు ముందు వైపు ఉండే మెషీన్ మధ్యలో కరెంటు పోయి ఆగితే, కింద ఫిల్టరు దగ్గర నుంచి నీళ్లు దించడం పోయిన పాఠంలో చెప్పాను. గుంటూరు బ్రాడీపేటలో ఒకావిడ నేను రాసినట్టే చేశారు. రెండు మగ్గులు దిగి ధార ఆగిపోయింది. అయిపోయిందనుకుని తలుపు తెరిస్తే హాలంతా చెరువు. తప్పు నాదే. ధార ఆగితే నీళ్లు అయిపోయినట్టు కాదని చెప్పలేదు. సాక్సు పీచో రూపాయి బిళ్లో అడ్డుపడినా ఆగుతుంది. అందుకని తలుపు జోలికి వెళ్లే ముందు సెల్‌ఫోన్ లైటు అద్దం మీద వేసి చూడండి. అద్దం అడుగున నీటి గీత కనపడితే ఫిల్టరును పూర్తిగా బయటికి తీసి, అడ్డం తొలగించి మళ్లీ దించండి. బట్టల్లో ఇంకిన నీళ్ల సంగతి వదిలేయండి, అవి కారినా గుడ్డతో తుడిచేంతే. అద్దం చేతికి వేడిగా తగిలితే మాత్రం చల్లారేదాకా ఆగాలి.

ప్లగ్గు పీకేశారు కదా? సరే.

నీళ్లు పోయినా తలుపు ఎందుకు రాదంటే, తాళాలు రెండు రకాలు. మొదటి రకంలో కరెంటుతో వేడెక్కి వంగే చిన్న లోహపు రేకు గడియను పట్టుకుని ఉంటుంది. కరెంటు పోతే అది చల్లారి దానంతట అదే వదిలేస్తుంది. దానికి రెండు మూడు నిమిషాలు చాలు. రెండో రకంలో మెషీన్ బోర్డు ఒక్కసారి కరెంటు పంపి గడియ వేస్తుంది, తీయాలన్నా మళ్లీ కరెంటు పంపాల్సిందే. దాని ముందు మీరు రాత్రంతా కూర్చున్నా రాదు.

ఇక నన్ను విసిగించే సంగతి. నిమిషానికోసారి పిడి పట్టుకుని గుంజడం! మా పిన్ని ఇదే చేసింది. పది నిమిషాలైనా రావట్లేదని ఫోను చేస్తే వెళ్లాను. రేకు ఎప్పుడో చల్లారింది. కానీ ఆవిడ గుంజుతున్నంతసేపూ తలుపు కొక్కెం గడియ మీద బిగుసుకుని, గడియను కదలనివ్వలేదు. బిగుసుకుపోయిన తలుపు గొళ్లెం తీసేటప్పుడు ముందు తలుపును లోపలికి నెడతామా, బయటికి లాగుతామా? ఇదీ అంతే. మోకాలితో తలుపును లోపలికి, తాళం ఉన్న వైపు, అంటే కీలుకు ఎదురు వైపు, గట్టిగా నొక్కి పట్టి, ఆ తరవాతే పిడి లాగాలి. పిన్ని మెషీన్ అలా ఒక్క నొక్కుకే వచ్చింది. ఇంకాస్త గుంజి ఉంటే ప్లాస్టిక్ పిడి చేతికొచ్చేది, అప్పుడు కరెంటు వచ్చినా మామూలుగా తెరిచే దారి ఉండదు. స్క్రూడ్రైవరు సందులో దూర్చేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు, రబ్బరు చిరిగితే ప్రతి ఉతుకుకీ నీళ్లు కారతాయి.

ఐదు నిమిషాలు ముట్టుకోకుండా ఆగి, ఇలా నొక్కి లాగినా రాకపోతే మీది రెండో రకమే. ఫిల్టరు మూత తీసిన చోటే లోపల చెయ్యి పెట్టి తడమండి. చాలా మెషీన్లలో అక్కడ ఒక చిన్న ప్లాస్టిక్ నాలికో, తీగో ఉంటుంది. తలుపును మోకాలితో నొక్కి పట్టుకునే దాన్ని కిందికి మెల్లగా లాగండి. టక్ మంటే వదిలేసి, పిడి లాగండి.

నాలిక లేని మెషీన్లకు నేను వెనక రెండు స్క్రూలు విప్పి పై పలక తీస్తాను. ఇంకొకరు మెషీన్‌ను కాస్త వెనక్కి వాల్చితే డ్రమ్ము వెనక్కి జరిగి, ముందు రేకుకీ డ్రమ్ముకీ మధ్య చెయ్యి పట్టే సందు వస్తుంది. ఆ సందులోంచి తాళం దాకా చెయ్యి దించి గడియను జరుపుతాను. రేకు అంచులు కోస్తాయి, ఒంటరిగా మాత్రం వద్దు. కరెంటు గంటలో వస్తుందంటే బట్టలను నాననివ్వండి, మెషీనే తీస్తుంది.

తలుపు వచ్చాక బట్టల కంటే ముందు ఫిల్టరు బిగించి, నాబ్‌ను ఆఫ్‌కు తిప్పండి. కొన్ని మెషీన్లు కరెంటు రాగానే ఆగిన చోటి నుంచి మొదలుపెట్టి నీళ్లు పట్టేసుకుంటాయి. ఫిల్టరు లేకపోతే బ్రాడీపేట చెరువే మళ్లీ.

ఈ వారం అభ్యాసం: ఖాళీ మెషీన్ ఆన్ చేసి తాళం పడిన చప్పుడు వినగానే, నీళ్లు ఎక్కకముందే ప్లగ్గు పాయింటు ఆపండి. గడియారం చూస్తూ ముట్టుకోకుండా ఐదు నిమిషాలు ఉండి, అప్పుడు నొక్కి లాగండి. వచ్చిందో రాలేదో ఒక చీటీ మీద రాసి మెషీన్ పక్కన అంటించండి. రాలేదంటే లైట్లు ఆపేసి, నాలిక ఎక్కడుందో చీకట్లో వేళ్లతోనే పట్టుకోండి. చీకట్లో ఎందుకంటే కరెంటు పోయిన రోజు మీ సెల్‌ఫోన్ చార్జింగు కూడా ఉండదు.