ఆప్షన్లలో ఉన్న జవాబే తప్పు: ఓజోనాలిసిస్ బొమ్మలో జారే చోట్లు

మద్దిలపాలెంలో ట్యూషన్ చెప్తాను. మాక్ టెస్ట్ పెట్టినప్పుడల్లా మా పిల్లల్ని బాగా ముంచేది ఈ బొమ్మే: ఆరు మూలల రింగు, అందులో ఒక డబుల్ బాండ్, ఆ బాండ్ ఒక మూల నుంచి బయటికి చిన్న గీత. మొదటి బాణం మీద `O3`, కింద `Zn/H2O`. రెండో బాణం మీద `NaOH`, వేడి. చివరికి ఏం వస్తుందన్నదే ప్రశ్న.

సమస్య: సైక్లోపెంటీన్ కార్బాల్డిహైడ్ వచ్చింది, ఆప్షన్లలోనూ ఉంది, కానీ తప్పు.

కారణం ఆ చిన్న గీత. మొన్న ఒకమ్మాయి "సార్, గీత చివర ఏమీ రాయలేదు కదా" అంది. ఏమీ రాయకపోతేనే అది `CH3` అమ్మా! దాన్ని వదిలేస్తే మిగిలేది మామూలు సైక్లోహెక్సీన్. ఓజోన్‌తో డబుల్ బాండ్ తెగితే హెక్సేన్‌డయాల్, అది `NaOH`తో రింగుగా మూసుకుంటే సరిగ్గా ఆ కార్బాల్డిహైడే. పేపర్ పెట్టినవాళ్లు ఈ పొరపాటు తెలిసే ఆ ఆప్షన్ పెడతారు.

పరిష్కారం: బొమ్మను రఫ్ షీట్ మీద దింపి, ప్రతి మూలకీ, ప్రతి గీత కొసకీ అంకె వెయ్యండి. మొత్తం 7 కార్బన్లు. డబుల్ బాండ్ తెంపి రెండు వైపులా ఆక్సిజన్ పెట్టండి. హైడ్రోజన్ ఉన్న మూల ఆల్డిహైడ్ (1), మిథైల్ ఉన్న మూల కీటోన్ (6), మిథైల్ 7. ఇది 6-ఆక్సోహెప్టనాల్, `C7H12O2`. రింగు మూసుకునేటప్పుడు నీరు పోతే `C7H10O`. ఆరు కార్బన్ల ఆప్షన్‌ని అప్పుడే కొట్టేయండి.

సమస్య: కార్బన్లు సరిపోయాయి, అయినా ఏడు మూలల కీటోన్ వచ్చింది.

దీన్ని ఫార్ములా పట్టుకోలేదు, అదీ `C7H10O`నే. మిథైల్ (7) నుంచి హైడ్రోజన్ తీసి, ఆ కార్బన్‌ని 1 మీదికి పంపితే ఇలా అవుతుంది. అలా కాకుండా 5 నుంచి హైడ్రోజన్ తీసి, ఆ 5ని 1 మీదికి పంపి చూడండి. 1 నుంచి 5 దాకా ఐదు మూలల రింగు, ఏడు మూలలదానికన్నా తేలిగ్గా ఏర్పడుతుంది. 2 నుంచి 6 మీదికి వెళ్లినా ఐదే, కానీ అక్కడ దెబ్బ తినాల్సింది కీటోన్. కీటోన్ ఆల్డిహైడ్‌ అంత చురుకైనది కాదు. కాబట్టి జవాబు 1-ఎసిటైల్‌సైక్లోపెంటీన్.

అలాగని "మిథైల్ ఎప్పుడూ కాదు" అని బట్టీ పట్టకండి. బొమ్మలో రింగు ఐదు మూలలదైతే 5-ఆక్సోహెక్సనాల్ వస్తుంది. అక్కడ లోపలి కార్బన్లతో వచ్చేవి నాలుగు మూలల రింగులే. అందుకే మిథైలే ముందుకొచ్చి సైక్లోహెక్స్-2-ఈనోన్ ఇస్తుంది. ప్రతిసారీ మూలలు లెక్కపెట్టాల్సిందే.

సమస్య: రింగే మూసుకోవట్లేదు.

బాణం కింద మళ్లీ చూడండి. అది `Zn` కాక `H2O2` అయితే ఆల్డిహైడ్ కాస్తా ఆసిడ్ అయిపోతుంది, `NaOH` దాన్ని ఉప్పుగా మార్చి ఊరుకుంటుంది.