జలాంతర్గామి ఎలా పనిచేస్తుంది? 3వ పాఠం: నీళ్లు నింపడం, నీళ్లు నెట్టడం

ప్రెషర్ హల్ సంగతి కిందటి పాఠంలో చూశాం. మనుషులు, యంత్రాలు ఉండే ఆ ఉక్కు గొట్టానికి బయట, దాన్ని చుట్టి ఉన్నవే ముఖ్య బ్యాలస్ట్ ట్యాంకులు. ఉదాహరణకు విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురానే తీసుకుందాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన సోవియట్ తయారీ పడవ అది. పైన తేలుతున్నప్పుడు దాని బరువు దాదాపు 1,950 టన్నులు, మునిగాక 2,475 టన్నులు. తేడా 525 టన్నులు. మునగడానికి లోపలికి రానివ్వాల్సిన సముద్రపు నీరు ఇంచుమించు అంత.

అక్కడికి వెళ్లినప్పుడు పడవ పైభాగంలో పక్కల వెంట వరుసగా చిల్లులు కనిపిస్తాయి. చాలామంది వాటినే బ్యాలస్ట్ ట్యాంకు రంధ్రాలనుకుంటారు. కాదు, అవి పైతొడుగులోకి నీరు వెళ్లివచ్చే దారులు మాత్రమే. ట్యాంకులోకి నీరు వచ్చే దారి అడుగున ఉంటుంది. దానికి కొన్ని పడవల్లో వాల్వు ఉంటుంది, చాలావాటిలో అది మూతలేని రంధ్రమే.

మూత లేకపోతే ట్యాంకు ఎందుకు నిండదు? లోపలి గాలికి బయటపడే దారి లేదు గనుక. గ్లాసును బోర్లించి బకెట్లో ముంచితే నీరు పైదాకా ఎక్కదు కదా, అలాగే. కాబట్టి అసలు తాళం ట్యాంకు నెత్తిమీద ఉంది. దాని పేరు వెంట్. అది తెరిస్తే గాలి బుస్సున పైకి పోతుంది, అడుగు నుంచి నీరు ఎక్కుతుంది. మునగడానికి పంపు అక్కర్లేదు.

మామూలుగా మునిగేటప్పుడు సోవియట్ పద్ధతిలో అన్ని వెంట్‌లూ ఒకేసారి తెరవరు. ముందు ముక్కువైపు, తోకవైపు ట్యాంకులు నింపుతారు. పడవ దాదాపు డెక్ మట్టానికి దిగి, నడిమి ట్యాంకుల బలంతో మాత్రమే తేలుతూ ఆగుతుంది. అప్పుడు వాలును కొలిచే పరికరం చూస్తారు. ఎడమవైపు ట్యాంకు వెంట్ ఒకటి తెరుచుకోలేదనుకోండి, అటు గాలి మిగిలిపోయి పడవ కుడికి ఒరుగుతుంది. అక్కడే ఆపి, వెంట్‌లు మూసి, గాలి కొట్టి పైకి తెచ్చుకోవచ్చు. అంతా సవ్యంగా ఉంటేనే నడిమి ట్యాంకులు తెరుస్తారు. ఆ ఆగడాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. తప్పు బయటపడినా సులువుగా దిద్దుకోవడానికి వీలున్న చివరి మజిలీ అది.

పైకి రావడానికి వరుస తిరగబడుతుంది. ముందు వెంట్ మూయాలి, ఆ తర్వాతే సిలిండర్లలోని అధిక పీడన గాలిని ట్యాంకులోకి వదలాలి. వెంట్ సరిగా మూసుకోకపోతే కొట్టిన గాలంతా బుడగలై పోతుంది, నీరు కదలదు.

ఇప్పుడు లెక్క. 525 టన్నుల సముద్రపు నీరంటే సుమారు 512 ఘనమీటర్లు. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి 100 మీటర్ల దగ్గర, ఉపరితలం మీది ఒకటి కలిపి, మొత్తం 11. అక్కడ ట్యాంకులన్నీ ఖాళీ చేయాలంటే 512ను 11తో హెచ్చించాలి, అంటే బయటి గాలి లెక్కన సుమారు 5,630 ఘనమీటర్లు. అదే 10 మీటర్ల దగ్గరైతే 1,024 చాలు. అందుకే మామూలు రోజుల్లో మోటారు వేగంతో, పక్కల రెక్కల్లా ఉండే హైడ్రోప్లేన్ల వాలుతో పెరిస్కోప్ లోతుకు వచ్చి, అప్పుడు గాలి కొడతారు. అదీ కొంతే. పడవ పైకి వచ్చేకొద్దీ ఆ గాలే వ్యాకోచించి మిగతా నీటిని నెడుతుంది. ఉపరితలం చేరాక చివరి నీటిని తక్కువ పీడన గాలితో తోసేస్తారు. సిలిండర్ గాలి అత్యవసరానికి మిగలాలి.

ఆ అత్యవసరంలో ఏం వికటిస్తుందో 1963 ఏప్రిల్ 10న 129 మందితో మునిగిపోయిన అమెరికా జలాంతర్గామి థ్రెషర్ ఉదంతం చూపింది. తర్వాత అదే తరగతికి చెందిన టినోసాలో రేవు దగ్గరే గాలి కొట్టి పరీక్షించారు. అధిక పీడన గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే విపరీతంగా చల్లబడుతుంది. ఆ గాలిలోని తేమ గొట్టాల్లోని జల్లెడల మీద మంచుగా కట్టి దారి మూసేసింది. సిలిండర్లో గాలి ఉండీ ట్యాంకుకు చేరలేదు. అప్పటినుంచి గాలిని ఆరబెట్టే యంత్రాలకు ప్రాముఖ్యం పెరిగింది.

అభ్యాసం: అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగుకు దగ్గరగా పక్కన రెండు రంధ్రాలు చేయండి. మూతలో సన్నని గొట్టం దూర్చి ఎం-సీల్‌తో బిగించండి. సీసా అడుగున చుట్టూ 150 గ్రాముల ఇనుప నట్లు కట్టండి. గొట్టం నొక్కిపట్టి లోతైన బకెట్లో వదిలితే తేలుతుంది. వేలు తీస్తే మునుగుతుంది. ఇప్పుడు గొట్టంలోకి ఊది, ఎంత గాలి చేరాక సీసా బకెట్ అడుగును వదిలిందో చూడండి. 135 మిల్లీలీటర్ల దరిదాపుల్లో ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువ పట్టిందంటే మూత దగ్గర గాలి కారుతోందేమో బుడగలు వెతకండి.

వచ్చే పాఠంలో ట్రిమ్ ట్యాంకులు. వానాకాలంలో నదుల మంచినీరు కలిసిన బంగాళాఖాతంలో, నీటి సాంద్రత ఘనమీటరుకు 1,025 కిలోల నుంచి 1,020కి పడితే, మునిగి ఉన్న కుర్సురా వంటి పడవ దాదాపు 12 టన్నులు బరువెక్కినట్టవుతుంది. ఆ 12 ఎలా వచ్చిందో ఈలోగా మీరే కట్టి చూడండి.